విప్పొద్దన్న కట్టు

సీతమ్మ కాలి పుండు మానడానికి ఇరవై నెలలు పట్టింది. అందులో మొదటి పదకొండు నెలలు సొంత వైద్యానికి పోయాయి, తర్వాతి తొమ్మిది నెలలు సునీత సిస్టర్ పట్టీలకు పోయాయి. వినేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది, ఎందుకంటే సీతమ్మ మాత్రం తర్వాత మర్చిపోయింది.

పుండు పుట్టింది శంషాబాద్‌లో, విమానాలకు భోజనాలు సర్ది పంపే వంటశాలలో. ఆమె పని ట్రేలు కడగడం. పొద్దున ఆరింటికి తడినేల మీద నిలబడితే సాయంత్రం దాకా నిలబడటమే. అట్లా పదిహేనేళ్లు నిలబడింది. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగాయి. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పుల పట్టీలు అచ్చు పడేవి. చీలమండ చుట్టూ చర్మం తుప్పు రంగుకు తిరిగి చెక్కలా బిగిసింది. ఇవన్నీ వయసుతో వచ్చేవే అనుకుని ఆమె పట్టించుకోలేదు. ఒకరోజు ట్రాలీ అంచు కుడికాలి లోపలి వైపు, చీలమండ ఎముకకు కాస్త పైన గీసుకుంది. గోటిగాటంత దెబ్బ. వారంలో మానాల్సింది మానలేదు. పసుపు అద్దింది, మందుల షాపువాడిచ్చిన పౌడరు చల్లింది, ప్రార్థన చేసిన నూనె రాసింది, ఎవరో చెబితే ఆకుపసరూ పిండింది. గోటిగాటు కాస్తా అరచేయంత అయింది. గుడ్డ చుట్టుకుంటే గంటలో తడిసిపోయేది. ఆ వాసనకు పక్కన ట్రేలు కడిగేవాళ్లు మెల్లగా అవతలి తొట్టి దగ్గరికి జరిగిపోయారు.

ఆ రోజుల్లో ఆమెను దగ్గరికి రానిచ్చినవాడు గేటు దగ్గర వాచ్‌మన్ కుర్మయ్య ఒక్కడే. రావిర్యాల మనిషి, అరవై నాలుగేళ్లవాడు, మాట తక్కువ, బీడీ ఎక్కువ. మధ్యాహ్నం అరగంట విరామంలో తన కుర్చీ ఆమెకు జరిపి, ఎదురుగా రెండు ఇటుకలు పేర్చి, కాలు వాటిమీద పెట్టుకొమ్మనేవాడు. తాను నిలబడే బీడీ కాల్చేవాడు. సూపర్‌వైజర్ వచ్చి గేటు కుర్చీలో ఆడమనిషి ఏంటని గద్దిస్తే, నా చెల్లె, జర సేపు కూసుంటది, అని ఊరుకునేవాడు. సీతమ్మది క్రైస్తవ కుటుంబం, కుర్మయ్య బీరప్పను కొలిచేవాడు. అయినా ఆనాటి నుంచి ఆమెకు అతను అన్న, అతని భార్య లింగమ్మ వదినె. సీతమ్మ సొంత అన్నలు ఇద్దరున్నారు, ఆ ఇరవై నెలల్లో ఒక్కసారైనా తొంగి చూసినవాళ్లు కారు.

చివరికి కొడుకు జయకర్, ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపేవాడు, తల్లి మాట వినకుండా కారులో కూర్చోబెట్టి పుండ్లకు కట్లు కట్టే ఒక చిన్న క్లినిక్కుకు తీసుకుపోయాడు. అక్కడ సునీత సిస్టర్ ఉంది. ఒంగోలు వైపు మనిషి, కళ్లజోడు, నెమ్మది మాట. పుండు కంటే ముందు ఆమె నరాలు చూసింది. కాలిలోకి దిగిన రక్తం తిరిగి గుండె దాకా ఎక్కాలంటే పిక్క కండ పిండాలని, పైకెక్కింది కిందికి జారకుండా నాళాల్లో చిన్న చిన్న తలుపులుంటాయని, సీతమ్మకు ఆ తలుపులు చెడిపోయాయని చెప్పింది. ఎక్కిన రక్తం ఎక్కినట్టే జారి చీలమండ దగ్గర నిలిచిపోతోంది, ఆ ఒత్తిడికి నీరు చర్మంలోకి ఊరుతోంది, లోపలి నుంచి నానుతున్న గోడకు పైన సున్నం కొడితే నిలుస్తుందా అని అడిగింది. పైన ఏ మందు రాసినా లోపలి ఒత్తిడి తగ్గందే పుండు మానదు. తగ్గించాలంటే కాలి వేళ్ల మొదలు నుంచి మోకాలి కింది దాకా గట్టిగా కట్టు కట్టాలి, చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి పోయేకొద్దీ తక్కువ.

కట్టేముందు సీతమ్మను పడుకోబెట్టి చేతికీ కాలికీ బీపీ పట్టీ చుట్టింది. పాదం మీద చల్లటి జిగురు రాసి, పెన్నులాంటి దాన్ని ఆనించి వింది. చిన్న డబ్బాలోంచి హుష్, హుష్ అని చప్పుడు వచ్చింది. రక్తం కిందికి బాగానే దిగుతోంది, కట్టొచ్చు, అంది సునీత. సీతమ్మ ఆ మాట విన్నది, వదిలేసింది. ఏ దవాఖానకు పోయినా ముందు బీపీ చూస్తారు, ఇదీ అట్లాంటిదే అనుకుంది. చూడటానికి ఏమీ చేయనట్టే ఉండే పని మీద మనకు గౌరవం ఉండదు కదా.

తర్వాత తొమ్మిది నెలలు. మొదటి నెల కట్టు కింద పుండు మండింది, రెండుసార్లు విప్పేసుకుంది, రెండుసార్లూ సునీత చేత తిట్లు తింది. విప్పితే రెండు వారాల పని రెండు గంటల్లో పోతుందని, ఓర్చుకోవాలని, కూర్చున్నప్పుడల్లా కాలు ఎత్తి పెట్టుకోవాలని చెప్పింది. కాలెత్తితే సీతమ్మకు హాయిగానే ఉండేది. మూడో నెలకు నీరు కారడం తగ్గింది. అంచుల నుంచి కొత్త చర్మం లోపలికి పాకడం మొదలైంది, అదీ వారానికి నూలుపోగంత. ఏళ్ల తరబడి నానిన చర్మం, గట్టిపడిన మాంసం, రోజూ నిలబడక తప్పని ఉద్యోగం: ఇన్నిటిని దాటుకుని పాకాలి. ఒక వారం ముందుకు పోతే ఇంకో వారం అక్కడే నిలిచేది. వారానికి రెండుసార్లు క్లినిక్కుకు రాలేనని ఏడిస్తే సునీత ఆమెకే కట్టు నేర్పింది. మెత్తటి దూది పొర, దానిమీద మామూలు పట్టీ, దానిమీద సాగే పట్టీ. ఆ సాగే పట్టీ మీద, వెడల్పు వైపు పొడుగ్గా, గళ్లు అచ్చువేసి ఉంటాయి. సరైన బిగువులో లాగితే గళ్లు చతురస్రాలవుతాయి. సీతమ్మ జయకర్ కాలిమీద నేర్చుకుంది. నెల తిరిగేసరికి ఆమె కట్టే కట్టులో ఒక్క ముడత ఉండేది కాదు. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పేయండని కూడా సునీత చెప్పింది. ఆమె వేళ్లు ఎప్పుడూ నీలంగా మారలేదు.

పుండు మూసుకున్న నాడు సునీత ఇక జీవితాంతం బిగుతు మేజోళ్లు వేసుకోవాలని చెప్పి పంపింది. తలుపులు బాగుపడలేదు, పుండు మాత్రమే మానింది, అని రెండుసార్లు చెప్పింది. ఆ ఆదివారం సీతమ్మ చర్చిలో లేచి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పింది. మొదటిసారి తొమ్మిది నెలలని నిజమే చెప్పింది. రెండోసారి ఒకరింట్లో ప్రార్థనకు కూడే గృహకూటంలో చెప్పినప్పుడు ఆరు నెలలయింది. మూడోసారికి పట్టీ కట్టిన దగ్గర్నుంచి పుండు ఎండుతూనే వచ్చింది. జిగురు, పెన్ను, హుష్ మన్న చప్పుడు ఏ సాక్ష్యంలోనూ లేవు. ఆమె అబద్ధమాడాలని ఆడలేదు. మానిన మనిషికి మానిన సంగతే గుర్తుంటుంది. పాపం, ఆమె సంతోషాన్ని నేను తప్పు పట్టలేను, కానీ ఆ సంతోషం చేసిన పని మాత్రం చిన్నది కాదు.

మేజోళ్లు వేసుకుని డ్యూటీకి పోవడం మొదలుపెట్టిన నెలకు కుర్మయ్య కుంటడం చూసింది. గేటు నుంచి సామాన్ల షెడ్డు దాకా వంద గజాలు. అందులో రెండుసార్లు ఆగి, గోడకు చేయి ఆనించి, పిక్క నొక్కుకుని మళ్లీ నడుస్తున్నాడు. ఏందన్నా అని అడిగితే ఏం లేదన్నాడు. ఆ సాయంత్రం లింగమ్మ ఫోన్ చేసింది. బూటు ఒరుసుకుని ఎడమ చీలమండ బయటి వైపు పుండైందని, రెండు నెలలైనా మానలేదని, రాత్రిళ్లు నిద్రపోకుండా కాలు మంచం మీది నుంచి వేలాడేసుకుని కూర్చుంటున్నాడని, దవాఖానకు రమ్మంటే డ్యూటీ పోతదంటున్నాడని చెప్పుకుంది.

సీతమ్మకు ఆ మాట విన్న క్షణం గుండెలో ఏదో పొంగింది. తనకు కుర్చీ ఇచ్చిన మనిషికి తాను ఇవ్వగలిగింది ఇన్నాళ్లకు దొరికింది. మరునాడు మంగళవారం, సెలవు పెట్టింది. ఇంట్లో మిగిలిన రెండు కట్ల సామాను సంచిలో వేసుకుని, కుర్మయ్య డ్యూటీకి పోకముందే అందేలా పొద్దున్నే రావిర్యాల బస్సెక్కింది.

కుర్మయ్య పుండు చూడగానే ఆమెకు ఒక్క క్షణం వింతగా తోచింది. తనది పెద్దది, పల్చగా పరుచుకున్నది, ఎప్పుడూ తడిసేది. ఇతనిది చిన్నది, గుండ్రంగా, గుంటగా, సుత్తితో కొట్టి తీసినట్టుంది. అడుగు ఎండిపోయి పాలిపోయి ఉంది. కాలికి వాపు లేదు. నరాలు ఉబ్బలేదు. పిక్క మీద వెంట్రుక లేదు, చర్మం నున్నగా మెరుస్తోంది. పాదం పట్టుకుంటే చల్లగా తగిలింది. చలికాలం కదా అనుకుంది. చిన్న పుండు, ఇది నాదానికంటే తొందరగా మానుతుంది అని కూడా అనుకుంది, దేవుడికి కృతజ్ఞత చెప్పింది.

లింగమ్మ ఒక్క మాట అడిగింది. నిన్ను మంచి చేసిన సిస్టర్‌కు ఒకసారి చూపిస్తే కాదా వదినె, అని. సీతమ్మ నవ్వింది.

"ఆడికి పోయినా గిదే పట్టీ కడతరు వదినె. దానికి ఒక రోజు డ్యూటీ ఎందుకు పోగొట్టుకోవాలె? నేను తొమ్మిది నెలలు చూసిన గద."

మంచం అంచున కూర్చుని, కుర్మయ్య పాదం ఒళ్లో పెట్టుకుని కట్టింది. దూది, మామూలు పట్టీ, సాగే పట్టీ. గళ్లు అన్నీ చతురస్రాలయ్యాయి. చీలమండ దగ్గర బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. చివర టేపు అంటించి, వేలితో రాసి చూసుకుంది. ముడత లేదు. మంచం కాళ్ల వైపు రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేసింది. అప్పుడు చెప్పింది, తనకు సునీత చెప్పిన మాటే, అదే గొంతుతో: మొదట్ల మండుతది, ఓర్చుకోవాలె, విప్పొద్దు, విప్పితే అంతా పోతది. కుర్మయ్య తలూపాడు. ఆమె మాటమీద అతనికి అనుమానం ఎందుకుంటుంది? అరచేయంత పుండు రోజూ కళ్లారా చూసినవాడు, మానడమూ కళ్లారా చూసినవాడు.

బుధవారం ఫోన్ వచ్చింది. నొప్పి భరించరాకుండా ఉందని లింగమ్మ చెప్పింది. కాలు ఎత్తి పెడితే ప్రాణం పోతున్నట్టుంది, కిందికి వేలాడేస్తే కాస్త నయం అంటున్నాడు, అంది. తన కాలు ఎత్తితే హాయి, వేలాడేస్తే బరువు. ఇతనికి తిరగేసి ఉంది. అదొక్కటి చాలు ఎవరికైనా, కానీ సీతమ్మకు చాల్లేదు. తనకూ మొదటి నెల మండిందని, తానూ రెండుసార్లు విప్పి తిట్లు తిన్నానని చెప్పింది. కాలు దించనియ్యొద్దు వదినె, దించితే నీరు దిగుతది, అంది.

అయినా మనసు ఆగక గురువారం డ్యూటీ దిగి రావిర్యాల పోయింది. కుర్మయ్య అరుగు మీద కాలు వేలాడేసుకుని కూర్చున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది, గడ్డం మాసింది, చేతిలో బీడీ కాలుతోంది. సీతమ్మ వంగి వేళ్లు చూసింది, సునీత చూడమన్నట్టే. నీలంగా లేవు. ఎర్రగా ఉన్నాయి, దానిమ్మ గింజంత ఎర్రగా. ఎరుపంటే రక్తం బాగా వస్తున్నట్టే అనుకుంది. వేలాడిన కాలికి ఆ ఎరుపు ఎందుకు వచ్చిందో, మంచం మీదికి ఎత్తగానే అవే వేళ్లు మైనంలా ఎందుకు తెల్లబోయాయో ఆమె నిలబడి ఆలోచించలేదు. ఎత్తిన తర్వాత దుప్పటి కప్పేసింది. లింగమ్మ వెనకాల నిలబడి అంతా చూసింది.

"వదినె, జర విప్పి చూద్దమా?" అంది.

"ఇప్పుడు విప్పితే మళ్ల మొదటికొస్తది," అంది సీతమ్మ. కుర్మయ్య కళ్లు మూసుకుని, చెల్లె చెప్పింది గద, ఇగ ఊకో, అన్నాడు.

శుక్రవారం ఫోన్ రాలేదు. శనివారం కూడా రాలేదు. ఆదివారం చర్చిలో సీతమ్మ అతని పేరు చెప్పి ప్రార్థన చేయించింది. ఫోన్ రాలేదంటే నొప్పి తగ్గినట్టే అని చుట్టూ ఉన్నవాళ్లు ఆమెన్ అన్నారు.

సోమవారం కొత్త మేజోళ్ల కొలత ఇవ్వడానికి క్లినిక్కుకు పోయింది. కారు బయట పెట్టి జయకర్ టీకి పోయాడు. లోపల సునీత మంచం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. సునీత అతని పాదం మీద జిగురు రాసి పెన్ను ఆనించింది. డబ్బాలోంచి చప్పుడు రాలేదు. పక్కకు జరిపింది, ఇంకో చోట ఆనించింది. రాలేదు. పట్టీల డబ్బా ముట్టుకోకుండానే చేతులు తుడుచుకుని, ఆయన కొడుకును పిలిచి, ఈ కాలికి కట్టు కట్టకూడదని, ఇవాళే పెద్ద దవాఖానకు రక్తనాళాల డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని కాగితం రాసి ఇచ్చింది.

సీతమ్మ బల్ల మీద కూర్చుని ఇదంతా చూసింది. వాళ్లు పోయాక అడిగింది. పుండుంది గదా సిస్టర్, ఎందుకు కట్టలేదు?

సునీత కొలత టేపు తీస్తూ మామూలుగా చెప్పింది. మీది వెనక్కి పోవాల్సిన రక్తం ఆగిన పుండమ్మా, ఆయనది అసలు కిందికి దిగాల్సిన రక్తమే దిగని పుండు. బీడీలు, సిగరెట్లు తాగినవాళ్లకు పైనుంచి వచ్చే నాళం పూడుకుపోతుంది. నడిస్తే పిక్క పట్టేస్తుంది, ఆగితే పోతుంది. కాలు ఎత్తితే నొప్పి, దించితే నయం. పాదం చల్లగా ఉంటుంది, వెంట్రుకలు రాలిపోతాయి. పుండు చిన్నగా గుంటగా ఎండి ఉంటుంది.

ఒక్కొక్క మాటకూ సీతమ్మకు రావిర్యాల మంచం కనబడింది.

"అట్లాంటి కాలికి కడితే ఏమైతది సిస్టర్?"

"కడితే ఆ దిగే కాస్త రక్తం కూడా ఆగిపోతుందమ్మా. పాదం చచ్చిపోతుంది. అందుకే కదా మీకు మొదటి రోజు అంతసేపు విన్నాను."

సీతమ్మ లేచి నిలబడింది. తానూ అట్లాంటి కాలికే కట్టానని చెప్పింది. ఎన్ని రోజులైందని సునీత అడిగితే ఆరు అంది. సునీత మొహంలో రంగు మారింది. తిట్టలేదు. కత్తెర ఆమె చేతిలో పెట్టి, వెళ్లగానే కత్తిరించండి, కాలు ఎత్తకండి, వేడి తగిలించకండి, అక్కణ్ణుంచి నేరుగా పెద్ద దవాఖానకే పొండి, అంది. తిట్టి ఉంటే సీతమ్మకు కాస్త తేలికగా ఉండేదేమో.

జయకర్ తుక్కుగూడ మీదుగా ఎంత తొందరగా నడపొచ్చో అంత తొందరగా నడిపాడు. దారంతా తల్లి కత్తెర పట్టుకున్న చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లింగమ్మకు రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు.

ఇంటి ముందు దిగగానే వాసన తగిలింది. ఆ వాసన సీతమ్మకు కొత్త, తన పుండు వాసన కాదు. లోపల కుర్మయ్య మంచం మీద కాళ్లు ఎత్తుగా పెట్టుకుని, ఆమె చెప్పినట్టే, పడుకుని ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది, కళ్లు ఎర్రబడ్డాయి. కానీ ఆమెను చూసి నవ్వాడు. అన్ని రోజుల్లో అదే మొదటి నవ్వు.

"నొప్పి పోయింది చెల్లె. శనివారం సంది అస్సలు లేదు. నువ్వు చెప్పినట్లే ఓర్చుకున్న."

సీతమ్మ మోకాళ్ల మీద కూర్చుని కత్తిరించింది. చతురస్రాలు ఒక్కొక్కటే విడిపోయాయి. దూది పొర తీసేసరికి లింగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడు వేళ్లు బొగ్గులా ఉన్నాయి. పాదం ముందు భాగం నల్లగా, ఊదాగా మచ్చలు పడింది, ఆ నలుపు చీలమండ దాకా పాకింది. బొబ్బలు చిట్లాయి. సీతమ్మ వేలితో నొక్కి, తెలుస్తోందా అన్నా అని అడిగింది. ఏది, అన్నాడు కుర్మయ్య, నువ్వు పట్టుకున్నవా?

పెద్ద దవాఖానలో అన్నీ తొందరగానే జరిగాయి, దవాఖానలో తొందరగా జరిగితే అది మంచి సంగతి కాదు. కాలికి పెన్ను ఆనించారు, చప్పుడు లేదు. స్కాన్ చేశారు. వార్డు బయట కుర్ర డాక్టరు లింగమ్మనూ సీతమ్మనూ నిలబెట్టి చెప్పాడు. బీడీల వల్ల మోకాలి వెనక నాళం ఎప్పుడో పూడుకుపోయింది. వారం ముందు తెచ్చి ఉంటే తెరిపించి చూసేవాళ్లం, దక్కుతుందని మాట ఇవ్వలేం కానీ అవకాశం ఉండేది. ఇప్పుడు పాదం చచ్చిపోయింది, విషం పైకి ఎక్కుతోంది. మోకాలి కింద తీసెయ్యాలి, సాయంత్రంలోపే. లేకపోతే మనిషే దక్కడు.

సీతమ్మ కవరులో వేసి తెచ్చిన కట్టు ముక్కలు తీసి చూశాడు.

"ఇది ఏ దవాఖానల కట్టిండ్రు? చెయ్యి తిరిగిన నర్సు కట్టినట్టుంది. ఒదులుగ కట్టినా ఇంత అయ్యేది కాదేమో."

లింగమ్మ మెల్లగా తల తిప్పి సీతమ్మను చూసింది. సీతమ్మ, నేనే కట్టిన సార్, అంది. డాక్టరు ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, ముందు సంతకం చేయించండి అని పోయాడు.

కుర్మయ్య సంతకానికి ఒప్పుకోలేదు. జ్వరంలోనూ గట్టిగానే ఉన్నాడు. నొప్పి పోయింది, పుండు మానుతోంది, మానుతున్న కాలు ఎందుకు కోస్తరు, మీకు కోసుడే పని, అన్నాడు. నర్సు చెప్పింది, వినలేదు. డాక్టరు వచ్చి చెప్పాడు, మొహం గోడకు తిప్పుకున్నాడు. లింగమ్మ కాళ్లు పట్టుకుంది. చివరికి ఒక్క మాట అన్నాడు: సీతమ్మను పిలువుండ్రి, ఆమె చెప్తే ఒప్పుకుంట, ఆమెకు ఎరుక.

లింగమ్మ బయటికి వచ్చింది. సీతమ్మ గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. విషయం చెప్పగానే సీతమ్మ తల అడ్డంగా ఊపింది.

"ముందు నేను చేసింది చెప్త వదినె. నా కట్టే నీ కాలు తీసిందన్నా అని చెప్పి, తర్వాత అడుగుత. అబద్ధం మీద ఒప్పియ్యలేను."

లింగమ్మ ఆమె ఎదురుగా కూర్చుంది. ఆ మనిషి గొంతు పెద్దది చేయడం సీతమ్మ ఎప్పుడూ వినలేదు, ఇప్పుడూ పెద్దది చేయలేదు.

"గురువారం నాడు నేను విప్పుతనన్న. నువ్వు వద్దన్నవ్. శుక్రవారం నేనే విప్పబోయిన, ఆయన నా చెయ్యి నూకిండు. నీ మాట మీద నూకిండు. ఇప్పుడు నువ్వు పోయి నిజం చెప్తే నీ మనసు తేలికైతది. ఆయన నీ మాట ఇనడు. ఇనకపోతే సస్తడు. ముందు ఒప్పియ్యి. నిజం చెప్పెతందుకు నీకు బతుకంత ఉంది."

సీతమ్మ గోడ పట్టుకుని లేచింది. లోపలికి నడిచింది. ఆమెకు భయమేసింది, జీవితంలో ఎప్పుడూ వేయనంత భయం. అతను ఒప్పుకోడేమోనని కొంత, ఒప్పుకుంటాడేమోనని అంతకంటే ఎక్కువ.

కుర్మయ్య ఆమెను చూసి మంచం పక్కన జాగా చూపించాడు. కూసో చెల్లె, అన్నాడు. ఎప్పుడూ ఆమెకు కుర్చీ జరిపినట్టే. ఆమె కూర్చోలేదు. నిజం నాలుక చివర దాకా వచ్చింది. తలుపు దగ్గర లింగమ్మ నిలబడి చూస్తోంది.

"ఒప్పుకో అన్నా," అంది సీతమ్మ. "కాలు తీసెయ్యనియ్యి."

"మానదా ఇగ?"

"మానదు."

అతను ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. ఏమి వెతికాడో, దొరికిందో లేదో ఆమెకు తెలియలేదు. తర్వాత బొటనవేలు ముందుకు చాపాడు. నర్సు సిరా అంటించి కాగితం మీద ఒత్తించింది.

"నువ్వు చెప్పినంక ఇగ నాకేం పరేషాన్ లేదు," అన్నాడు. స్ట్రెచరు వచ్చింది. ఎక్కిస్తుంటే ఆమె చేయి పట్టుకుని ఆపాడు. "తీసినంక మీదికెల్లి పట్టీ కడతరంట గద చెల్లె. గీ పోరగాండ్లను నేను నమ్మ. నువ్వే కట్టాలె."

సీతమ్మ లింగమ్మ వైపు చూసింది. లింగమ్మ కళ్లు దించుకోలేదు.

"కడత అన్నా," అంది.